`Mark Exit` నొక్కే ముందు: హైదరాబాద్ సంస్థల హెచ్ఆర్, పేరోల్ విభాగాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలోనూ, మాదాపూర్ అద్దాల భవనాల్లోనూ నెలనెలా జీతాల పట్టీ తయారుచేసే మీకు ఈ లేఖ. మేం మరణ క్లెయిముల కాగితాలు చూసే పనిలో ఉన్నవాళ్లం. పీఎఫ్, ఇన్సూరెన్స్, పెన్షన్, గ్రాట్యుటీ అనే నాలుగు దారుల్లో కుటుంబానికి రావలసిన డబ్బు ఆగిపోయినప్పుడు అందరూ బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసు వైపు వేలు చూపిస్తారు. ఆఫీసు తప్పులు ఆఫీసుకూ ఉన్నాయి, కాదనం. కానీ ఫైలు తెరిచి చూస్తే మొదటి ముడి చాలాసార్లు మీ టేబుల్ దగ్గరే పడి ఉంటుంది. మనిషి పోయిన తర్వాత వారం పది రోజుల్లో మీరు నింపే రెండు మూడు గళ్ల దగ్గర, లేదా అతను బతికి ఉండగా మీరు అడగని ఒక కాగితం దగ్గర. అందుకే ఈ లేఖ పీఎఫ్ కమిషనర్‌కు కాకుండా మీకు రాస్తున్నాం.

గాల్లో మాట్లాడకుండా ఒక మనిషిని ఊహించుకుని లెక్క వేద్దాం. జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్. అందులో ఒక మెషిన్ ఆపరేటర్. 2017 జూన్‌లో చేరాడు, అప్పటికి బేసిక్, డీఏ కలిపి 11,000. తర్వాత పెరుగుతూ వచ్చి చివరికి 18,000 అయింది. పీఎఫ్ మాత్రం 15,000 మీదే కడుతున్నారు, ఐదేళ్లకు పైగా అదే లెక్క. చేరినప్పుడు పెళ్లి కాలేదు కాబట్టి నామినీగా అమ్మ పేరు రాశాడు. తర్వాత పెళ్లయింది, ఒక బాబు, ఒక పాప. 2026 జనవరి 20న గుండెపోటుతో పోయాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, అతని మీదే ఆధారపడిన తల్లి.

మీ పీఎఫ్ పోర్టల్లో మీరు చేసే మొదటి పని `Mark Exit`, అంటే మనిషి ఇక ఉద్యోగంలో లేడని నమోదు చేయడం. అక్కడ తేదీ ఒక గడి, కారణం ఒక గడి. తేదీ అంటే మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో ఉన్న తేదీ. నెలాఖరు కాదు, జీతం లెక్క కట్టిన రోజు కాదు. మన ఉదాహరణలో జనవరి 20. కారణం `Death in Service`. ఇంత సులువైన చోట రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, రాజీనామాలకు నొక్కే అలవాటులో `Cessation (Short Service)` నొక్కేయడం. దాంతో రికార్డు ప్రకారం అతను ఉద్యోగం మానేసిన వాడు అవుతాడు, ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాడు కాడు. ఇన్సూరెన్స్ క్లెయిము అక్కడే తిరిగి వస్తుంది. రెండోది, తేదీని జనవరి 31గా వేయడం. అప్పుడు ధ్రువపత్రంలో ఒక తేదీ, సిస్టంలో మరొకటి. దిద్దాలంటే జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి, ఆధారాలు జత చేయాలి, వారాలు గడుస్తాయి. ఆ వారాలు గడిపేది మీరు కాదు, ఇంటి అద్దె కట్టలేక ఎదురు చూసే ఆమె.

ఇంకో చిన్న విషయం. మరణ ధ్రువపత్రం ఇంటి అడ్రసున్న చోట రాదు, మరణం జరిగిన చోటే రిజిస్టర్ అవుతుంది. షాపూర్‌నగర్ మనిషి సికింద్రాబాద్ ఆస్పత్రిలో పోతే ధ్రువపత్రం ఆ ఆస్పత్రి ఉన్న పరిధిలోనే వస్తుంది. ఆస్పత్రి వాళ్లు పేరు నమోదు చేసేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా రాయించమని కుటుంబానికి ఫోన్‌లో చెప్పండి. పేరు తేడా పడితే తర్వాత మరో తిరుగుడు.

`Mark Exit` తప్పుగా నింపడం కంటే ప్రమాదకరమైనది, దాన్ని చావుకు ముందే నొక్కేయడం. ఇది దురుద్దేశంతో జరగదు, అలవాటులో జరుగుతుంది. మనిషి జబ్బుపడి ఆస్పత్రిలో చేరతాడు. సెలవులు అయిపోతాయి. రెండు నెలలు జీతం సున్నా. హెడ్‌కౌంట్ లెక్క సరిచేసే రోజు వస్తుంది, ఎవరో అతని పేరు తీసేస్తారు. మూడో నెలలో అతను చనిపోతాడు. ఇప్పుడు అతను ఉద్యోగి కాదు కాబట్టి ఇన్సూరెన్స్ లేదు. అదే పేరు తీయకుండా ఉంచి ఉంటే? 2025లో ఈడీఎల్‌ఐ అనే పీఎఫ్ ఇన్సూరెన్స్ పథకానికి చేసిన సవరణ ప్రకారం, చివరి చందా అందిన తర్వాత ఆరు నెలల్లోపు చనిపోయినా, పేరు సంస్థ జాబితాలో ఉంటే కుటుంబానికి ఇన్సూరెన్స్ వస్తుంది. ఆ ఆరు నెలలు పేరు ఉంచడానికి మీకయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. జీతం లేని నెలకు చందా కూడా ఉండదు. నెలనెలా పీఎఫ్ చందాల లెక్క పంపే ఈసీఆర్‌లో ఆ రోజులను జీతం లేని రోజులుగా చూపిస్తే చాలు. మందుల బిల్లులకు ఇచ్చే ఐదు వేల సాయం కంటే ఈ ఒక్క పని ఆ ఇంటికి ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎన్ని రెట్లో ఇప్పుడు లెక్క చూద్దాం. ఈడీఎల్‌ఐ అంటే ఉద్యోగి జేబులోంచి పైసా పోకుండా, యాజమాన్యం కట్టే అర శాతంతో నడిచే ఇన్సూరెన్స్. 15,000 జీతం మీద అది నెలకు 75 రూపాయలు. లెక్క రెండు భాగాలు. చనిపోయిన నెలకు ముందు పన్నెండు నెలల సగటు పీఎఫ్ జీతం, గరిష్ఠంగా 15,000 వరకు, దానికి 35 రెట్లు. దీనికి అదే పన్నెండు నెలల్లో పీఎఫ్ ఖాతాలో ఉన్న సగటు నిల్వలో సగం కలుపుతారు, ఆ సగం లక్షా 75 వేలు దాటకూడదు. అన్నీ కలిపితే గరిష్ఠం 7 లక్షలు. వరుసగా పన్నెండు నెలల ఉద్యోగం ఉంటే కనీసం రెండున్నర లక్షలు.

మన ఆపరేటర్‌కు సగటు జీతం 15,000. 35 రెట్లంటే 5,25,000. ఖాతాలో సగటు నిల్వ 2,90,000 అనుకుందాం, సగం 1,45,000. మొత్తం 6,70,000. ఇప్పుడు రెండు మార్పులు చేసి చూడండి. అతను అంతకు రెండేళ్ల ముందు ప్లాటు కోసం పీఎఫ్ నుంచి లక్షన్నర అడ్వాన్స్ తీసుకుని ఉంటే సగటు నిల్వ దాదాపు 1,40,000కు పడిపోతుంది, సగం 70,000. మొత్తం 5,95,000. అంటే అడ్వాన్స్ తీసుకుంటే పోయేది తీసుకున్న సొమ్ము ఒక్కటే కాదు, ఇన్సూరెన్స్‌లో మరో 75 వేలు. అడ్వాన్స్ తీసుకోవద్దని చెప్పమనడం లేదు, ఈ సంగతి తెలిసి తీసుకోనివ్వండి అంటున్నాం. రెండో మార్పు మీ చేతిలోనిది. పీఎఫ్ జీతాన్ని తక్కువ చూపించే అలవాటున్న సంస్థ అతనికి 15,000 బదులు 9,000 చూపించి ఉంటే 35 రెట్లు 3,15,000 మాత్రమే. నిల్వ కూడా ఆ మేరకే తగ్గుతుంది. సగటు జీతంలో మీరు దాచిన ప్రతి వెయ్యికీ అతని ఇంటికి 35 వేలు తగ్గుతాయి. నెలకు మీకు మిగిలింది వెయ్యికి నూట ఇరవై, నూట ముప్పై రూపాయలు.

చేరి ఏడాది కాకముందే పోయినవాళ్ల విషయం కూడా మీరు తెలుసుకోవాలి. ఒకప్పుడు ఇలాంటివారి ఖాతాలో ఉన్న కాస్త నిల్వ మీదే లెక్క ఉండేది, కొందరికి చాలా తక్కువ వచ్చేది. ఇప్పుడు కనీసం 50 వేలు ఇవ్వాలి. అంతకంటే ముఖ్యమైనది, పాత ఉద్యోగం మానేసి మీ దగ్గర చేరడానికి మధ్య 60 రోజుల వరకు ఖాళీ ఉన్నా దాన్ని సర్వీసు తెగినట్టు లెక్కించకూడదు. కాబట్టి కొత్తగా చేరిన మనిషికి యూఏఎన్ అనే పాత పీఎఫ్ సభ్య నంబరు ఉండగా కొత్తది తీయించకండి. పాత సంస్థలో ఆరు నెలలు, మీ దగ్గర ఎనిమిది నెలలు చేసినవాడు ఒకే యూఏఎన్ మీద ఉంటే పన్నెండు నెలలు నిండినట్టే, లక్షల లెక్కలోకి వస్తాడు. రెండు యూఏఎన్‌లు ఉంటే రికార్డులో అతను నిన్న మొన్న వచ్చిన కొత్తవాడు.

ఇక నామినేషన్. మన ఆపరేటర్ పెళ్లికి ముందు అమ్మ పేరు రాశాడని చెప్పుకున్నాం కదా. ఈ ఒక్క కాగితం పీఎఫ్‌లో ఒక దారి, గ్రాట్యుటీలో ఇంకో దారి పడుతుంది. దీన్ని చాలామంది హెచ్ఆర్‌లు ఒకటే అనుకుంటారు.

పీఎఫ్ పథకం ప్రకారం పెళ్లితో పాత నామినేషన్ దానంతటదే చెల్లకుండా పోతుంది. కొత్తది వేయాలి. వేయకుండా పోతే నామినేషన్ లేనట్టే. అప్పుడు డబ్బు కుటుంబ సభ్యులందరికీ సమానంగా పంచాలి. మేజరైన కొడుకులకు, భర్త బతికి ఉన్న పెళ్లయిన కూతుళ్లకు ఆ పంపకంలో వాటా రాదు. మన కేసులో నాలుగు వాటాలు: భార్య, బాబు, పాప, ఆధారపడిన తల్లి. ఇన్సూరెన్స్ కూడా పీఎఫ్ నామినేషన్‌నే అనుసరిస్తుంది. అంటే 6,70,000లో తలా 1,67,500. ఖాతాలో 3,05,000 ఉందనుకుంటే తలా 76,250. భార్య ఒక్కతే సంతకం చేసి మొత్తం తీసుకోలేదు. అత్తాకోడళ్ల మధ్య మాటలుంటే సరే, లేకపోతే ఫైలు అక్కడే కూర్చుంటుంది. అమ్మకు వాటా రావడం అన్యాయం అని మేం అనడం లేదు. అతను ఎలా పంచాలనుకున్నాడో అతన్ని అడిగే అవకాశం ఉన్నప్పుడు ఎవరూ అడగలేదన్నదే సమస్య. భార్యకు 70 శాతం, తల్లికి 30 శాతం అని రాసుకునే హక్కు అతనికి ఉండింది.

గ్రాట్యుటీ నామినేషన్ వేరు కాగితం, పాత చట్టం కింద ఫారం ఎఫ్. దాని తర్కం కూడా వేరు. అక్కడ ఆధారపడిన తల్లి కుటుంబంలో సభ్యురాలే. కాబట్టి పెళ్లికి ముందు ఆమె పేరు రాస్తే, కేవలం పెళ్లయినంత మాత్రాన అది రద్దు కాదు. అంటే ఒకే మనిషి ఒకే రోజున ఒకే పేరు రాసిన రెండు కాగితాల్లో ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికే ఉంది. పీఎఫ్ నాలుగు వాటాలైతే గ్రాట్యుటీ క్లెయిము తల్లి పేరున నడుస్తుంది. ఇంట్లో గొడవ ఎక్కడ మొదలవుతుందో ఇక వేరే చెప్పాలా?

కాబట్టి ఎవరైనా పెళ్లి కార్డు ఇచ్చి సెలవు అడిగితే, తిరిగొచ్చిన వారంలోనే రెండు నామినేషన్లూ కొత్తగా వేయించండి. పీఎఫ్‌ది మెంబర్ పోర్టల్లో `Manage` కింద `E-Nomination`. భార్య ఆధార్, పుట్టిన తేదీ, ఫోటో, బ్యాంకు ఖాతా కావాలి. ఉద్యోగి ఫోటో అతని ప్రొఫైల్లో లేకపోతే ముందుకు వెళ్లనివ్వదు. వాటాల మొత్తం 100 రావాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఆ తర్వాత: సేవ్ చేసి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయకుండా బయటికి వచ్చేస్తారు. అలా వదిలేసిన నామినేషన్ లేనట్టే లెక్క. మెషిన్ దగ్గర పనిచేసేవాళ్లకు ఈ పని ఫోన్‌లో తలకు మించిన వ్యవహారం. మీ ఆఫీసు కంప్యూటర్ దగ్గర ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చేయిస్తే మనిషికి పావుగంట. ఈ-నామినేషన్ పూర్తిగా ఉన్న కేసులో నామినీ స్వయంగా మెంబర్ పోర్టల్లోని మరణ క్లెయిము లింకులో యూఏఎన్, తన ఆధార్ ఇచ్చి ఆన్‌లైన్‌లోనే క్లెయిము పెట్టుకోవచ్చు. లేని కేసులో కాగితాలు, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీసేవ చుట్టూ ప్రదక్షిణలు.

పెన్షన్ విషయంలో నామినేషన్‌తో పెద్దగా పని లేదు. భార్యాబిడ్డలు ఉంటే వాళ్లదే. తల్లి పేరు కాగితంలో ఉన్నా భార్య ఉండగా పెన్షన్ తల్లికి వెళ్లదు. ఇక్కడ మీరు కుటుంబానికి చెప్పే తప్పు మాట ఒకటుంది: "పదేళ్లు నిండలేదమ్మా, పెన్షన్ రాదు." పదేళ్ల నిబంధన బతికి ఉండి రిటైరయ్యేవాడికి. ఉద్యోగంలో ఉండగా పోతే పెన్షన్ పథకానికి ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, వితంతు పెన్షన్ వస్తుంది. ఈ మాట నమ్మి పెన్షన్ దరఖాస్తు అయిన ఫారం 10డి పెట్టకుండా, పెన్షన్ నిధిలో ఉన్నది విత్‌డ్రా చేసుకుని ఊరుకునే ఇళ్లున్నాయి. పిల్లలకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా, ఆమెకు జీవితాంతం వచ్చే సొమ్ము అది.

వితంతు పెన్షన్ మూడు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది. ఒకటి, ఆ రోజే రిటైరై ఉంటే అతనికి వచ్చే పెన్షన్: గత 60 నెలల సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. మన ఆపరేటర్ సర్వీసు ఎనిమిదేళ్ల ఏడు నెలలు. ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ముక్క ఏడాదిగా లెక్క కాబట్టి తొమ్మిదేళ్లు. 15,000 తొమ్మిదితో గుణించి 70తో భాగిస్తే 1,929 రూపాయలు. రెండోది, కనీస మొత్తం 1,000. మూడోది, చనిపోయే నాటి జీతాన్ని బట్టి పథకంలో ఇచ్చిన పట్టిక సి. చిన్న వయసులో, తక్కువ సర్వీసుతో పోయినవాళ్లను ఆదుకోవడానికే ఆ పట్టిక పెట్టారు. కాబట్టి మొదటి లెక్క చూపించి "ఇంతేనమ్మా" అనకండి. పిల్లలకు ఒక్కొక్కరికి తల్లి పెన్షన్‌లో నాలుగో వంతు, ఒకేసారి ఇద్దరికి. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పెన్షన్ ఆగుతుంది, పిల్లలకు మాత్రం అనాథ పెన్షన్ లెక్కన నాలుగింట మూడు వంతులు చొప్పున వస్తుంది. ఈ మాట ఆమెకు చెప్పాల్సిన సమయం మొదటి వారం కాదు, కానీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో చెప్పాలి.

మాదాపూర్ వైపు సంస్థలకు ఇక్కడ వేరే చిక్కు. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాడికి చేరే నాటికే జీతం 15,000 దాటి ఉంటే అతను పెన్షన్ పథకంలో సభ్యుడే కాడు. యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్‌లోనే పడాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్ పాత సెట్టింగులో ఉండి, అలాంటివాడికి కూడా 8.33 శాతం కోసి పెన్షన్‌లో వేస్తుంటే, బతికి ఉన్నంత కాలం ఎవరికీ తెలియదు. చనిపోయాక 10డి పెట్టినప్పుడు "అర్హుడు కాడు" అని బయటపడుతుంది, అటు పెన్షనూ లేదు, ఇటు ఆ సొమ్ము పీఎఫ్ ఖాతాలోకి తెచ్చుకోవడానికి నెలలు. మన ఆపరేటర్ 11,000 దగ్గర చేరాడు కాబట్టి సభ్యుడే, తర్వాత జీతం పెరిగినా సభ్యుడే. మీ సాఫ్ట్‌వేర్లో 2014 సెప్టెంబర్ తర్వాత కొత్తగా చేరి, చేరినప్పుడే 15,000 దాటి, పెన్షన్ వాటా పోతున్న పేర్లను ఒక్కసారి విడదీసి చూడండి.

గ్రాట్యుటీకి వద్దాం. ఇది పూర్తిగా మీ ఖజానా నుంచి ఇచ్చేది కాబట్టి ఇక్కడ మరచిపోవడం కాస్త ఎక్కువగా జరుగుతుంది! 2025 నవంబర్ 21 నుంచి పాత గ్రాట్యుటీ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, కానీ ఈ రెండు సూత్రాలూ మారలేదు. ఉద్యోగి చనిపోతే ఐదేళ్ల నిబంధన వర్తించదు. ప్రతి ఏడాది సర్వీసుకూ చివరి జీతంలో 26 రోజులకు 15 రోజుల లెక్క. మన ఆపరేటర్‌కు 18,000ను 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 10,385. ఎనిమిదేళ్ల ఏడు నెలల్లో ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది కాబట్టి తొమ్మిదేళ్లు. మొత్తం 93,462. ఎనిమిదేళ్లే లెక్కపెట్టి 83,077 చేతిలో పెట్టే సంస్థలున్నాయి. పీఎఫ్ 15,000 మీద కడుతున్నారు కదా అని గ్రాట్యుటీ కూడా 15,000 మీద కట్టేవాళ్లున్నారు. గ్రాట్యుటీకి ఆ పరిమితి లేదు, అసలు జీతం 18,000 మీదే కట్టాలి. కొత్త కోడ్‌లో ఇంకో మాట ఉంది: అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర జీతంలో కలిపి లెక్క వేయాలి. బేసిక్‌ను ముప్పై శాతానికి కుదించి ఆదా చేశామనుకునే సంస్థలు తమ పట్టీ మళ్లీ చూసుకోవాలి.

గ్రాట్యుటీ చెల్లించాల్సిన నాటి నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి. ఎవరూ దరఖాస్తు పెట్టలేదన్నది సాకు కాదు, లెక్క కట్టి తెలియజేయాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. మైనర్ పిల్లల వాటా ఎవరి చేతిలోనో పెట్టకూడదు, ప్రభుత్వం ప్రకటించిన సమర్థ అధికారి దగ్గర జమ చేయాలి. మరొకటి, "కంపెనీ లోను 40 వేలు బాకీ ఉంది, పట్టుకుని మిగతాది ఇస్తాం" అనే ఫుల్ అండ్ ఫైనల్ లెక్క. గ్రాట్యుటీలోంచి లోను కోసుకునే అధికారం మీకు లేదు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చేదాకా చెక్కు ఇవ్వమనడం కూడా అంతే. రావలసింది వేరే దారిలో వసూలు చేసుకోండి.

కంపెనీ తీసుకున్న గ్రూప్ టర్మ్ పాలసీ ఏదైనా ఉంటే అది వీటన్నిటికీ అదనం, దాని నామినేషన్ కూడా వేరే. కొన్ని సంస్థలు ఈడీఎల్‌ఐ నుంచి మినహాయింపు తీసుకుని ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ పెట్టుకుంటాయి. అలాంటి చోట క్లెయిము పీఎఫ్ ఆఫీసుకు కాదు, పాలసీ ఇచ్చిన చోటికి వెళ్లాలి. ఆ మాట కుటుంబానికి మొదటి రోజే చెప్పకపోతే వాళ్లు మూడు నెలలు తప్పు గుమ్మం ముందు నిలబడతారు.

పీఎఫ్, ఇన్సూరెన్స్, పెన్షన్ మూడింటికీ ఇప్పుడు వేర్వేరుగా ఫారం 20, 5ఐఎఫ్, 10డి నింపనక్కర్లేదు, మరణ కేసులకు ఒకే కాంపోజిట్ ఫారం ఉంది. దానికి జత చేసేవి: మరణ ధ్రువపత్రం, హక్కుదారుల ఆధార్, పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు లేదా పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల పుట్టిన తేదీ ఆధారాలు, ఫోటోలు, నామినేషన్ లేకపోతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. పిల్లల వాటా పడటానికి వాళ్ల పేరునే బ్యాంకు ఖాతా తెరిపించండి, తల్లి సంరక్షకురాలిగా ఉంటుంది. పాస్‌బుక్‌లో చూసేది రెండే: పేరు ఆధార్‌లో ఉన్నట్టుందా, ఖాతా నడుస్తోందా. ఎప్పుడో జన్‌ధన్ కింద తెరిచి వదిలేసిన ఖాతా ఇస్తే సొమ్ము వెనక్కి వచ్చేస్తుంది.

ఇవన్నీ పెట్టే ముందు మీరు చేయాల్సిన చివరి పని ఆ నెల ఈసీఆర్. మన ఆపరేటర్ జనవరిలో 20 రోజులు పనిచేశాడు. ఆ 20 రోజుల జీతం మీద చందా ఫిబ్రవరి 15 లోపు పడాలి. అది పడకముందే క్లెయిము వెళితే, లెక్క తేల్చాక మిగిలిపోయిన ఆ కాస్త సొమ్ము కోసం ఇంకో క్లెయిము పెట్టుకోవాలి. నెల మారగానే 15 దాకా ఆగకుండా కట్టేయండి. తర్వాత క్లెయిము పెడితే, అన్నీ సరిగ్గా ఉన్న కేసును 20 రోజుల్లో తేల్చాలని పథకమే చెబుతోంది. అప్పుడు మేం కూడా బర్కత్‌పురా వైపు వేలు చూపించి గట్టిగా అడగగలం.

ఈ నెల జీతాల పట్టీ మూసే ముందు మీ రిజిస్టర్లో రెండు జాబితాలు తీయండి. ఒకటి, చేరినప్పుడు పెళ్లికానివారుగా నమోదై, ఇప్పుడు మెడికల్ పాలసీలో భార్యో భర్తో పేరు ఉన్నవాళ్లు. రెండోది, గత మూడు నెలల్లో ఒక్క నెలైనా జీతం సున్నా చూపించినవాళ్లు. మొదటి జాబితాలోని వాళ్లను ఒక్కొక్కరిగా కంప్యూటర్ దగ్గరికి పిలవండి. రెండో జాబితాలోని వాళ్లలో ఎవరు ఆస్పత్రిలో ఉన్నారో కనుక్కోండి, వాళ్ల పేరు మీద `Mark Exit` ఎవరూ నొక్కకుండా చూడండి.

ఇట్లు,
పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ మరణ క్లెయిముల పనిలో ఉన్న కొందరం,
హైదరాబాద్